వాకిట్లో నీళ్ళకు దారి ముందు, టైల్స్ తర్వాత

ఇల్లు కట్టుకునేవాళ్ళు వాకిలి సంగతి చివర్లో చూసుకుంటారు. అప్పటికి చేతిలో డబ్బు అడుగంటి ఉంటుంది, గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడి ఉంటుంది. అందుకని గేటు నుంచి కారు నిలిపే చోటి దాకా ఏం వేయాలన్న చర్చ ఒక్క ప్రశ్నతో ముగిసిపోతుంది: ఇంటర్‌లాక్ టైల్స్ వేద్దామా, మామూలు కాంక్రీటు పోసేద్దామా? నిజానికి ఇది మూడో ప్రశ్న. వానాకాలంలో నీళ్ళు ఎటు పోవాలన్నది మొదటిది, కింద ఉన్న నేల ఎలాంటిదన్నది రెండోది. ఈ రెండూ తేలితే మూడోదానికి జవాబు చాలావరకు దానంతటదే దొరుకుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలలో కొత్తగా కట్టిన ఇల్లు. ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న దారి. అంటే 360 చదరపు అడుగులు. కారు ఇక్కడే వచ్చి నిలుస్తుంది. డ్రైనేజీ పైపూ నీళ్ళ పైపూ దీని కిందుగానే వీధిలోకి వెళ్తాయి. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే ఈ దారి మీదే దాదాపు 1,670 లీటర్ల నీళ్ళు చేరతాయి. డాబా మీది నీళ్ళు దీనికి అదనం.

వాటం వీధి కాలువ దగ్గర మొదలు

చాలామంది మేస్త్రీలు వరండా మెట్టు దగ్గర మొదలుపెట్టి, గేటు వైపు కంటికి ఆనినంత వాటం ఇస్తూ పోతారు. చివరికి గేటు దగ్గరికి వచ్చేసరికి వీధి కాలువ కన్నా వాకిలే పల్లమై కూర్చుంటుంది. లెక్క అటు నుంచి రావాలి. నీళ్ళ గొట్టం ఒక కొసను వీధి కాలువలోకి నీళ్ళు పడే అంచు దగ్గర, రెండో కొసను వరండా దగ్గర పట్టుకుని ముందు తేడా కొలవాలి.

మన ఉదాహరణలో వరండా నేల ఆ అంచు కన్నా 15 అంగుళాలు ఎత్తులో ఉందనుకుందాం. ఇంటి గోడ వెంబడి వాకిలి వరండా కన్నా 6 అంగుళాలు కిందికి ఉండాలి. వాన చినుకులు చిట్లి గోడ చెమ్మెక్కకుండా ఉండటానికి ఆ మాత్రం ఎడం కావాలి. అక్కడి నుంచి వాటం గోడకు దూరంగా, ప్రహరీ వైపు పోవాలి. పది అడుగులకు రెండున్నర అంగుళాల చొప్పున 12 అడుగులకు 3 అంగుళాలు. ప్రహరీ వెంబడి చిన్న కాలువ తీసి, ఆ మొదట 2 అంగుళాల లోతు, 30 అడుగుల తర్వాత గేటు దగ్గర 5 అంగుళాల లోతు పెడితే కాలువకూ 3 అంగుళాల వాటం వస్తుంది. మొత్తం కలిపితే 6, 3, 5 అంగుళాలు, అంటే 14. వీధి కాలువ కన్నా ఇంకా ఒక అంగుళం పైనే ఉన్నాం. నీళ్ళు వాటంతటవే పోతాయి.

ఇక్కడ మిగిలింది ఒక్క అంగుళమేనని గమనించండి. రేపు పంచాయతీయో మున్సిపాలిటీయో పాత రోడ్డు మీదే కొత్త పొర వేసి, కాలువ కూడా ఎత్తు పెంచితే ఈ అంగుళం చాలదు. అందుకే బేస్‌మెంట్ ఎత్తు నిర్ణయించేటప్పుడే వాకిలి లెక్క కూడా వేసుకోవడం మంచిది.

ఇంటర్‌లాక్ టైల్స్ వేస్తే వాననీరు భూమిలోకి ఇంకిపోతుందన్న నమ్మకం ఒకటి ఉంది. మామూలుగా వేసే టైల్స్ విషయంలో ఇది పెద్దగా నిజం కాదు. సందులు 2 నుంచి 4 మిల్లీమీటర్లే ఉంటాయి. అవి ఇసుకతోనూ, తర్వాత దుమ్ముతోనూ నిండిపోతాయి. కింద గట్టిగా కుదించిన మొరం నీటిని అంతగా దిగనివ్వదు. నీళ్ళు ఇంకాలంటే దుమ్ము లేని కంకర పొరలతో, సందుల్లో బేబీ చిప్స్‌తో వేరే పద్ధతిలో వేయాలి. నల్లరేగడిలో, అదీ పునాది పక్కన, ఆ పని చేయకూడదు. తడిస్తే పొంగి, ఎండితే కుంగే నేల అది. దానికి గోడ పక్కనే నీళ్ళు తాపితే వాకిలితో పాటు ఇల్లూ కదులుతుంది.

అసలు బలం కింద పొరల్లో

కారు బరువు మోసేది పైన కనిపించే టైల్ అనుకుంటాం. టైల్ ఆ బరువును పంచుతుంది, మోసేది కింది పొర. అందులోనూ కొత్త ఇంటి చుట్టూ ఉన్న మట్టిని అస్సలు నమ్మకూడదు. పునాదుల కోసం తవ్వి, మళ్ళీ ఇటుక ముక్కలతో, సిమెంటు సంచులతో సహా పూడ్చిన మట్టి అది. రెండు వానాకాలాలు గడిచేలోగా గోడ వెంబడి అడుగున్నర, రెండడుగుల పట్టీ కుంగుతుంది. బయటికి పోవాల్సిన నీళ్ళు సరిగ్గా గోడ దగ్గరే నిలుస్తాయి. వాకిళ్ళలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. పైపుల కోసం తీసిన గాడి వెంబడి కూడా ఇలాగే కుంగుతుంది.

కాబట్టి మన దారిని పూర్తయిన మట్టం నుంచి 16 అంగుళాలు తవ్వాలి. పూడిక మట్టి ఇంకా లోతుగా ఉంటే దాన్నీ తీసెయ్యాలి. పైపులు వేయడం, పరీక్షించడం ఈ దశలోనే అయిపోవాలి. అడుగున ఉన్న నేలను తడిపి కుదించాక 6 అంగుళాల మొరం, దాని మీద 6 అంగుళాల వెట్‌మిక్స్ వేయాలి. వెట్‌మిక్స్ అంటే పెద్ద కంకర, చిన్న కంకర, డస్ట్ తగు పాళ్ళలో కలిపి క్రషర్ల దగ్గర అమ్మే మిశ్రమం. ఆ పైన ఇసుకకు అంగుళంన్నర, టైల్‌కు రెండున్నర అంగుళాలు మిగులుతాయి. కుదిస్తే పరిమాణం తగ్గుతుంది కనుక, 6 అంగుళాల వెట్‌మిక్స్ పొరకు కావాల్సిన 180 ఘనపుటడుగులకు బదులు 230 దాకా తెప్పించుకోవాలి.

ఏ పొరనైనా ఒకేసారి పోసి పైపైన కుదిస్తే పై రెండంగుళాలే గట్టిపడి అడుగు గుల్లగా ఉండిపోతుంది. ప్లేట్ కంపాక్టర్ వాడేటట్టయితే నాలుగేసి అంగుళాలకు మించకుండా పరుచుకుంటూ, ప్రతిసారీ తడిపి కుదించాలి. గోడ మూలల్లో యంత్రం అందని చోట దిమ్మిస వేయాలి. తడి ఎంత ఉండాలో చేతితోనే తెలుస్తుంది. మొరాన్ని గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, కానీ చేతికి నీళ్ళు అంటకూడదు. పొడిపొడిగా రాలిపోతే తడి చాలలేదు, జారితే ఎక్కువైంది. కుదించడం పూర్తయ్యాక కారును దాని మీద నెమ్మదిగా నడిపి చూడండి. చక్రం జాడ లోతుగా పడినా, చక్రం పక్కన మట్టి మెత్తగా ఉబ్బినా అక్కడ మళ్ళీ తవ్వి సరిచేయాలి.

“ఇప్పుడెందుకు సార్, ఇసుకలో సరిచేద్దాం లెండి” అన్న మాట ఈ దశలోనే వినిపిస్తుంది. ఒప్పుకోకండి. మనం అనుకున్న 3 అంగుళాల వాటం వెట్‌మిక్స్ పైభాగానికే వచ్చి తీరాలి. ఇసుక పొర అంతటా ఒకే మందంలో, అంగుళం నుంచి అంగుళంన్నర లోపే ఉండాలి. ఒకచోట అంగుళం, ఇంకోచోట మూడంగుళాలు ఇసుక ఉంటే మూడంగుళాల చోట టైల్స్ దిగిపోయి గుంట పడుతుంది.

ఇసుక బదులు క్రషర్ డస్ట్ పరవడం చాలాచోట్ల అలవాటు. పిండిలాంటి ధూళి ఎక్కువగా ఉన్న డస్ట్ నీటిని పట్టి ఉంచుతుంది. కారు ఎక్కినప్పుడల్లా బురదలా సందుల్లోంచి పైకి ఉబుకుతుంది. కడిగిన ముతక ఇసుక మేలు. అనుమానం ఉంటే గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్ళు పోసి బాగా కుదిపి నాలుగు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక అడుగున, మన్ను దాని మీద పొరగా పేరుకుంటుంది. మొత్తం ఎత్తులో మన్ను పొర పన్నెండో వంతు దాటితే ఆ లోడు వద్దు.

టైల్స్ అయితే

కారు తిరిగే చోటికి 60 మిల్లీమీటర్ల మందం చాలు. నీళ్ళ ట్యాంకరో లారీయో లోపలికి వచ్చేటట్టుంటే 80 కావాలి. పేవర్ బ్లాకులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 15658. అది ఏ రద్దీకి ఏ బలం ఉండాలో చెబుతుంది. కొనేటప్పుడు ఆ పరీక్ష రిపోర్టు అడగండి. మెరిసే టైల్ చూడటానికి బాగుంటుంది కానీ తడిస్తే జారుతుంది. వాకిలికి గరుకు ముఖమే సరైనది.

టైల్స్‌ను పట్టి ఉంచేవి రెండు. ఒకటి అంచు. దారి చుట్టూ కాంక్రీటు అంచు కట్టకపోతే చక్రాలు తోసిన కొద్దీ చివరి వరుసలు పక్కకు జరిగి, వెనక ఉన్న వరుసల సందులు విచ్చుకుంటాయి. రెండోది సందుల్లోని ఇసుక. పొడి సన్న ఇసుకను చీపురుతో నింపి, కంపాక్టర్ తిప్పి, దిగిన మేరకు మళ్ళీ నింపాలి. వారం తర్వాత ఇంకోసారి నింపాలి. అడుగు వేస్తే టైల్ టకటకమంటోందంటే సందులు ఖాళీ అయ్యాయనో, కింద ఇసుక జారిందనో అర్థం.

కాంక్రీటు అయితే

ఇదే 360 అడుగులకు 5 అంగుళాల మందంతో 1:1½:3 పాళ్ళలో పోస్తే 150 ఘనపుటడుగుల కాంక్రీటు, సుమారు 34 బస్తాల సిమెంటు పడుతుంది. ఇసుక పొర అక్కర్లేదు కానీ కింది మొరం, వెట్‌మిక్స్ పని, వాటం అంతా అదే. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుని ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఆ పగులు ఎక్కడ రావాలో మనమే నిర్ణయించాలి. దారిని 12 అడుగులకు 10 అడుగుల గళ్ళుగా మూడు చేసి, ముందు రెండు చివరి గళ్ళు పోసి, అవి గట్టిపడ్డాక మధ్యది పోయాలి. ఇంటి గోడకు ఆనకుండా అరంగుళం థర్మోకోల్ పెట్టాలి. పారడానికి సులువని నీళ్ళు ఎక్కువ కలపడం, పైకి తేలిన నీటి మీద పొడి సిమెంటు చల్లి నున్నగా రుద్దడం రెండూ తప్పే. ఏడాది తిరిగేలోగా పైపొర పెచ్చులుగా లేస్తుంది. వాటం ఉన్న చోట నీళ్ళు నిలవవు కాబట్టి తడి గోనెపట్టాలు కప్పి వారమైనా తడుపుతుండాలి.

ఎవరికి ఏది

మన ఉదాహరణలోని ఇంటికి టైల్సే సరైనవి. నల్లరేగడి ఏటా ఎంతో కొంత కదులుతుంది, కింద పైపులున్నాయి. రేపు ఒకచోట కుంగినా, పైపు లీకైనా ఆ మేర టైల్స్ ఊడదీసి, కింద సరిచేసి, అవే టైల్స్ తిరిగి పేర్చవచ్చు. కాంక్రీటును పగలగొట్టాల్సిందే, ఆ అతుకు ఎప్పటికీ కనిపిస్తుంది.

అదే గట్టి ఎర్రమొరం నేల, కింద పైపులేవీ లేని వాకిలి అయితే కాంక్రీటు చక్కగా నిలుస్తుంది. వడ్లు, మిరపకాయలు ఆరబోసుకునే పల్లెటూరి వాకిలికి కూడా అదే మేలు. గింజలు సందుల్లో ఇరుక్కోవు, ఊడ్చుకోవడం తేలిక.

ఏది ఎంచుకున్నా పై పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేయించండి. కుదించి వాటం తీసిన వెట్‌మిక్స్ మీద, గోడ వైపు నుంచి నాలుగు బిందెల నీళ్ళు కుమ్మరించి చూడండి. నీళ్ళు ప్రహరీ కాలువ వైపు పారితే టైల్స్ లోడుకో కాంక్రీటు మిల్లర్‌కో కబురు పెట్టండి. ఎక్కడైనా మడుగు కడితే అక్కడ సుద్దతో గీత గీసి, అది సరిచేసే దాకా పై పని ఆపించండి. ఆ రోజు అది గంట పని. టైల్స్ వేశాక అయితే ఆ మేర అంతా ఊడదీయాలి, కాంక్రీటు పోశాక అయితే పగలగొట్టాలి.