ఐదు రియాళ్లకు ఒక రూపం, ఐదు హలలాలకు మరొకటి

సౌదీ అరేబియా ఐదు రియాళ్ల నోటు మీద అరబ్బీలో ‘ఖమ్సతు రియాలాత్’ అని ఉంటుంది. యూఏఈ పది దిర్హాముల నోటు మీద ‘అషరతు దరాహిమ్’, కువైట్ ఐదు దీనార్ల నోటు మీద ‘ఖమ్సతు దనానీర్’ అని రాసి ఉంటుంది. కరీంనగర్, జగిత్యాల, కడప వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్ల చేతుల్లో రోజూ ఆడే నోట్లివి. అరబ్బీ నేర్చుకునేవాళ్లను ముప్పుతిప్పలు పెట్టే ఒక సూత్రం ఈ రెండేసి మాటల్లోనే ఉంది. మూడు నుంచి పది దాకా ఏ సంఖ్య చెప్పినా, దాని లింగం లెక్కపెట్టే వస్తువు లింగానికి ఎదురుగా ఉండాలి. వస్తువు పేరు మాత్రం బహువచనంలో ఉండాలి.

సంఖ్య రూపం మారడం మనకు కొత్త కాదు. ముగ్గురు మనుషులు అంటాం, మూడు కుర్చీలు అంటాం. అయితే తెలుగులో మనిషికి మనిషి రూపమే, వస్తువుకు వస్తువు రూపమే. అరబ్బీలో ఇది తలకిందులు.

అరబ్బీలో ఉన్నవి రెండే లింగాలు. నపుంసక లింగం లేదు కాబట్టి పుస్తకమైనా కారైనా అటో ఇటో ఉండాల్సిందే. పుస్తకం, అంటే ‘కితాబ్’, పుంలింగం. కారు, అంటే ‘సయ్యారా’, స్త్రీలింగం. స్త్రీలింగ పదాల్లో ఎక్కువ వాటి చివర ‘తా మర్బూతా’ అనే గుండ్రటి అక్షరం ఉంటుంది. మాట అక్కడితో ఆగితే అది ‘అ’లా వినిపిస్తుంది, వాక్యంలో కలిసినప్పుడు ‘తు’, ‘తి’, ‘త’గా పలుకుతుంది. నోటు మీది ‘ఖమ్సతు’లో వినిపించే ‘తు’ అదే.

ఒకటి, రెండు ఈ తిరకాసులోకి రావు. ‘ఒకటి’ విశేషణంలాగా వస్తువు పేరు తర్వాత వచ్చి, దాని లింగాన్నే అనుసరిస్తుంది: కితాబున్ వాహిద్, సయ్యారతున్ వాహిదా. రెండుకైతే వేరే మాటే అక్కర్లేదు. ఏకవచనానికీ బహువచనానికీ మధ్య అరబ్బీలో ద్వివచనం ఉంది. ‘కితాబాని’ అంటే చాలు, రెండు పుస్తకాలని అర్థం. ‘సయ్యారతాని’ అంటే రెండు కార్లు. నొక్కి చెప్పాలనుకుంటేనే తర్వాత ‘రెండు’ అనే మాట చేరుస్తారు, అదీ వస్తువు లింగంలోనే.

మూడు దగ్గర దారి మారుతుంది. ఇక్కడినుంచి సంఖ్య ముందు, వస్తువు వెనుక. మూడు పుస్తకాలు ‘థలాథతు కుతుబిన్’. కితాబ్ పుంలింగం కనుక సంఖ్యకు ‘తు’ తగిలింది. మూడు కార్లు ‘థలాథు సయ్యారాతిన్’. సయ్యారా స్త్రీలింగం కనుక సంఖ్య మీది ఆ అక్షరం ఊడిపోయింది. వస్తువు చివర వచ్చే ‘ఇన్’ షష్ఠీ విభక్తి గుర్తు, నోటు చదివేటప్పుడు మాట ఆగిపోతుంది కాబట్టి అది వినిపించదు. వాహిద్, ఇథ్నాన్, థలాథా, అర్బఆ, ఖమ్సా అంటూ అందరూ వల్లించే వరసలో మూడు మొదలు అన్నీ ‘తా’ ఉన్న రూపాలే. అంటే అలవాటైన రూపం పుంలింగ వస్తువులకు వెళ్తుంది, కురచ రూపం స్త్రీలింగ వస్తువులకు వెళ్తుంది.

ఇప్పుడు మళ్లీ సౌదీ డబ్బుకు వద్దాం. వంద హలలాలు ఒక రియాల్. రియాల్ పుంలింగం, హలలా స్త్రీలింగం. రెంటి బహువచనాలూ ‘ఆత్’తోనే ముగుస్తాయి: రియాలాత్, హలలాత్. ‘ఆత్’ సాధారణంగా స్త్రీలింగ బహువచనానికి గుర్తని నేర్చుకున్న విద్యార్థి సరిగ్గా ఇక్కడే బోల్తా పడతాడు. రియాలాత్‌ను చూసి స్త్రీలింగమనుకుని సంఖ్యను కురచ చేసి ‘ఖమ్సు రియాలాత్’ అని రాస్తాడు. అది తప్పు. లింగం తేల్చాల్సింది బహువచనాన్ని చూసి కాదు, ఏకవచనాన్ని చూసి. ఒక్క రియాల్ పుంలింగం, కాబట్టి ‘ఖమ్సతు రియాలాత్’. ఒక్క హలలా స్త్రీలింగం, కాబట్టి ‘ఖమ్సు హలలాత్’.

ఇంకో పని చేసి చూద్దాం. ‘మూడు పగళ్లు, రెండు రాత్రులు’ అని విహారయాత్ర ప్రకటన రాయాలి. పగలుకు ఏకవచనం ‘యౌమ్’, పుంలింగం. కనుక సంఖ్యకు ‘తు’ ఉండాలి. బహువచనం ‘అయ్యామ్’. మొత్తం ‘థలాథతు అయ్యామిన్’. రాత్రి ‘లైలా’, చివర గుండ్రటి ‘తా’ ఉన్న స్త్రీలింగం. కానీ రెండే కనుక సంఖ్యతో పని లేదు, ‘లైలతాని’ అంటే సరి. ప్రకటనలో రాత్రులు నాలుగైతే ద్వివచనం పోయి ‘అర్బఉ లయాలిన్’ వస్తుంది. ‘లయాలీ’ అనే బహువచనంలో స్త్రీలింగపు ఆనవాలే కనిపించదు, అయినా లైలాను బట్టి సంఖ్య కురచగానే ఉంటుంది.

రాసింది సరిచూసుకోవడానికి ఒక చిట్కా ఉంది. సంఖ్యనూ వస్తువు ఏకవచనాన్నీ పక్కపక్కన పెట్టండి. గుండ్రటి ‘తా’ రెంటిలో ఒకదానికే ఉండాలి. రెంటికీ ఉన్నా, ఏ ఒక్కదానికీ లేకపోయినా అనుమానించాలి. ఈ చిట్కాకు లొంగనివీ ఉన్నాయి. ‘ఖలీఫా’కు గుండ్రటి ‘తా’ ఉన్నా ఆయన మగవాడే, కాబట్టి ‘థలాథతు ఖులఫా’ అనాలి. చెయ్యి, ‘యద్’, ఆ అక్షరం లేకుండానే స్త్రీలింగం. ఇలాంటి వాటిని లింగంతో సహా గుర్తు పెట్టుకోవాలి. పదికి ఇంకో చిన్న తేడా ఉంది. పదిమంది మగవాళ్లు ‘అషరతు రిజాలిన్’, పదిమంది ఆడవాళ్లు ‘అష్రు నిసాఇన్’. ‘తా’ పోవడంతోపాటు నడిమి అచ్చు కూడా పోయింది.

పది దాటితే వస్తువు మళ్లీ ఏకవచనానికి వస్తుంది. యూఏఈ ఇరవై దిర్హాముల నోటు మీద ‘ఇష్రూన దిర్హమన్’ అనీ, వంద నోటు మీద ‘మిఅతు దిర్హమ్’ అనీ ఉంటుంది. రెండింటా ఏకవచనమే. పదికి దరాహిమ్, ఇరవైకి దిర్హమ్.

ఈ ఎదురు లింగం ఎందుకొచ్చింది? అరబ్బీకి దగ్గరి చుట్టమైన హీబ్రూలోనూ ఇదే పద్ధతి. ముగ్గురు కొడుకులు ‘ష్లోషా బనీమ్’, ముగ్గురు కూతుళ్లు ‘షలోష్ బనోత్’. ప్రాచీన అక్కాడియన్‌లో కూడా ఇది కనిపిస్తుంది. అంటే ఈ భాషలు విడిపోక ముందు నుంచీ ఉన్న ఆస్తి ఇది. ‘తా’ ఉన్న రూపమే సంఖ్యకు అసలు పేరనీ, స్త్రీలింగాన్ని వేరుగా చూపడానికి దాన్ని తీసేశారనీ పాత అరబ్బీ వ్యాకర్తలు చెప్పారు. ఆధునిక భాషావేత్తలు ఇంకా కొన్ని కారణాలు ప్రతిపాదించారు గానీ అందరూ ఒప్పుకున్నది ఏదీ లేదు.

బజారులో ఇంత పట్టింపు ఉండదు. గల్ఫ్‌లో మామూలు మాటల్లో ‘ఖమ్సా రియాల్’ అని ఏకవచనంతోనే బేరం సాగిపోతుంది, దుకాణదారు ఎవరూ వ్యాకరణం అడగడు. వార్తలు చదవాలన్నా, అర్జీ రాయాలన్నా, పరీక్ష పాసవ్వాలన్నా మాత్రం సూత్రం తప్పదు. అందుకు వరస ఇదీ: మొదట వస్తువును ఏకవచనంలోకి తెచ్చి దాని లింగం చూడండి, తర్వాత సంఖ్యను ఎదురు లింగంలో పెట్టండి, చివరగా వస్తువును బహువచనం చేయండి. అరబ్బీ పదం కొత్తగా నేర్చుకున్నప్పుడల్లా దాని ఏకవచనం, లింగం, బహువచనం మూడూ కలిపి రాసుకోండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా పది లోపు లెక్క సరిగా చెప్పలేరు.