ఏడు చేపల కథకు ఎన్ని రోజులు?

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చిన కథ తెలుగు పిల్లలందరికీ తెలిసిందే. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అదే కథను ఇంట్లో కంప్యూటర్ మీద ఒక్కరే మూడు నిమిషాల త్రీడీ యానిమేషన్‌గా తీయాలంటే ఎంత కాలం పడుతుంది? స్క్రిప్టు చదివితే పేజీన్నరే కాబట్టి రెండు మూడు నెలల పనే అనిపిస్తుంది. అసలు లెక్క షాట్ల జాబితా రాస్తే తేలుతుంది.

సినిమావాళ్లు షాట్ డివిజన్ అనేది దీన్నే. స్క్రిప్టులో ప్రతి వాక్యం దగ్గరా ఆగి, తెర మీద ఏం కనిపిస్తుందో రాసుకోవాలి. ఒక్కో షాట్‌కు ఒక్కో వరుస. అందులో షాట్ నంబరు, ఎక్కడ జరుగుతుంది, ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, ఎన్ని సెకన్లు అనేవి ఉంటే చాలు.

‘చీమ కుట్టింది’ అనే మాటనే తీసుకుందాం. పిల్లాడు పెరట్లో పాకుతూ పుట్ట దగ్గరికి వస్తాడు. వేలు పుట్టలోకి వెళ్తుంది. లోపల చీమ తిరిగి చూసి కుడుతుంది. పిల్లాడు ఏడుస్తాడు. రెండు మాటలు నాలుగు షాట్లయ్యాయి. పైగా చీమ, వేలు ఒకే ఫ్రేములో పడ్డాయి. దూరం నుంచి చూడటానికి చేసిన పిల్లాడి చెయ్యి అంత దగ్గరికి పనికిరాదు. గోరు, చర్మం ముడతలు కనిపించేలా ఇంకో చెయ్యి చేయాలి. స్క్రిప్టు ఎన్నిసార్లు చదివినా ఈ రెండో చెయ్యి కనిపించదు.

అందుకే తయారుచేయాల్సిన వస్తువుల జాబితాను, అంటే అసెట్ల జాబితాను, స్క్రిప్టులోంచి కాకుండా షాట్లలోంచి తీయాలి. మామూలు సినిమాలో పల్లెకు వెళ్లి కెమెరా పెడితే చెట్టూ, గోడా వాటంతటవే ఫ్రేములోకి వస్తాయి. ఇక్కడ చేపలు ఆరేసే దండెం కూడా మనమే చేయాలి. స్క్రిప్టులో దాని ఊసే ఉండదు. మనుషులు, జంతువులు, స్థలాలు, చిన్న సామాన్లు అని విడివిడిగా రాసుకుని, ఒక్కోటి ఎన్ని షాట్లలో వస్తుందో పక్కన వేసుకోవాలి. ఈ జాబితా కొన్నిచోట్ల పని తగ్గిస్తుంది కూడా. ఏడుగురు కొడుకులకు ఒకే శరీరం చేసి తలపాగాలు, రంగులు మార్చవచ్చు. చేపల్లో మాట్లాడేది ఒక్కటే కాబట్టి మిగతా ఆరింటికీ నోరు కదలక్కర్లేదు.

ఇప్పుడు రోజులు వేద్దాం. షాట్లు 36 వచ్చాయనుకోండి. అందరూ ఊరికే నిలబడే షాట్ తేలిక, నడిచి మాట్లాడేది మధ్యస్థం. ఒకరినొకరు పట్టుకోవడం, నీళ్లు, గుంపు ఉన్నవి కష్టం. తేలికవి 18, ఒక్కోటి అర పూట కాదు, అర రోజు. మధ్యస్థం 12, రెండేసి రోజులు. కష్టమైనవి 6, ఐదేసి రోజులు. మొత్తం 63 రోజులు. అసెట్లకు ఇలాగే వేస్తే 72 రోజులు వచ్చాయనుకుందాం. రెండూ కలిపి 135. శని, ఆదివారాలు మాత్రమే పనిచేసేవారికి ఇది ఏడాది మూడు నెలలు దాటుతుంది. రెండర్ కాలం వేరే. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున మూడు నిమిషాలకు 4,320 ఫ్రేములు. ఒక్కోదానికి 4 నిమిషాలు పడితే కంప్యూటర్ 12 రోజులు రాత్రీపగలూ ఆగకుండా నడవాలి.

ఇప్పుడు కోత పెట్టాలి. ఏ వస్తువు ఎక్కువ రోజులు తిని తక్కువ షాట్లలో కనిపిస్తుందో చూస్తే చాలు. వేట దృశ్యానికి అడవి 3 రోజులు, రెండు కష్టమైన షాట్లు 10 రోజులు. కొడుకులు చేపలతో తిరిగొచ్చే షాట్ ఎలాగూ ఉంది కాబట్టి వేట తీసేస్తే కథకు లోటు రాదు, 13 రోజులు మిగులుతాయి. రాజు, కోట కలిపి 9 రోజుల పని. మొదట్లో గీసిన ఒక పటంగా చూపిస్తే ఒక్కరోజులో అయిపోతుంది. లెక్క 114కు దిగింది. ఆవును తీయలేం. నాలుగు కాళ్ల జంతువును నడిపించడం ఎంత కష్టమైనా, అది లేకపోతే కథ గొలుసు తెగిపోతుంది.

ఈ రోజులన్నీ ఊహలే. వాటిని నిజం చేసే దారి ఒకటుంది. మధ్యస్థమైన ఒక షాట్ ఎంచుకుని, అందులోని అసెట్లతో సహా చివరి రెండర్ దాకా పూర్తిచేయాలి. రాసుకున్న రోజులతో పోలిస్తే ఎంత పట్టిందో చూసి, జాబితా అంతటినీ ఆ నిష్పత్తిలో పెంచాలి. రెండు రోజులనుకున్నది మూడైతే 114 కాస్తా 171 అవుతుంది. తీయాలా, కథను ఇంకా కుదించాలా అన్నది ఆ అంకె చూశాక తేల్చుకోవాలి.