ఆరో అంతస్తులో ఎవరైనా ఉండిపోయారా?

2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు చెలరేగాయి. అయిదో అంతస్తులో ఉద్యోగం చేసుకుంటున్న ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి భవనాల్లో పొగ మంటకన్నా ముందే పైకి చేరుతుంది. లిఫ్ట్ దారి, తెరిచి ఉన్న మెట్లదారి పొగగొట్టాల్లా పనిచేస్తాయి.

అందుకే ప్రతి అంతస్తుకూ ఒక ఫ్లోర్ వార్డెన్ కావాలి. ఆ అంతస్తు మూలమూలలూ తెలిసిన మనిషే ఈ పనికి తగినవాడు, హోదాతో పని లేదు. ఆరో అంతస్తులో 84 మంది ఉన్నారనుకుందాం. అలారం మోగగానే ఇద్దరు సహాయకులు రెండు మెట్లదారుల తలుపుల దగ్గర నిలబడి, లిఫ్ట్ వైపు వెళ్లేవాళ్లను ఇటు మళ్లిస్తారు. తలుపు తెరిచేముందు అరచేతి వెనకభాగాన్ని దానికి ఆనించి చూస్తారు. వేడిగా ఉంటే ఆ దారి వదిలేసి రెండోదానికి పంపిస్తారు.

వార్డెన్ మాత్రం మెట్లకు దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి, మెట్ల వైపు నడుస్తూ వస్తాడు. మీటింగ్ గదులు, ప్యాంట్రీ, టాయిలెట్లు అన్నీ చూస్తాడు. చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లకు అలారం వినపడదు కాబట్టి, ఒక్క కేక వేసి ముందుకు పోతే చాలదు. చూసిన గది తలుపు మూస్తాడు, తాళం మాత్రం వేయడు. పొగ నిండిన గదిలోకి వెళ్లడు. అది ఏ గదో గుర్తుపెట్టుకుంటాడు. చక్రాల కుర్చీలో ఉన్నవారి తోడుకు ఇద్దరి పేర్లు ముందే రాసిపెట్టి ఉండాలి. అప్పటికప్పుడు ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుంటే ఎవరూ ఉండరు.

కింద అందరూ చేరే చోటు గేటు ముందు ఉండకూడదు. ఫైరింజన్ వచ్చేది అటే. అద్దాల గోడ కింద కూడా వద్దు, వేడికి పగిలిన అద్దాలు మీద పడతాయి.

అక్కడ లెక్క చూస్తే 79 మందే ఉన్నారు. కార్డు గీసిన రికార్డు 84 అంటోంది. ముగ్గురు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఉన్నారని తోటివాళ్లు చెప్పారు. మిగతా ఇద్దరి సంగతి? వార్డెన్ వెతికిన తీరే ఇక్కడ అక్కరకొస్తుంది. “తూర్పు వైపంతా చూశాను, ఎవరూ లేరు. పడమటి మీటింగ్ గదిలో పొగ, లోపలికి పోలేదు” అని చీఫ్ వార్డెన్‌కు చెబితే, ఫైర్ సిబ్బంది నేరుగా ఆ గదికే వెళ్తారు. “అందరూ వచ్చేసినట్టే ఉంది” అంటే ఎక్కడ వెతకాలో వాళ్లకు తెలియదు.

చాలా ఆఫీసుల డ్రిల్‌లో జనం రోజూ వాడే మెట్ల మీదుగానే దిగి, ఫొటో దిగి వెనక్కి వస్తారు. ఈసారి ఆ మెట్ల తలుపు దగ్గర ‘ఇక్కడ పొగ ఉంది’ అని రాసిన అట్ట పట్టుకుని ఒకరిని నిలబెట్టి చూడండి. రెండో మెట్లదారి ఎక్కడుందో ఎంతమందికి తెలుసో, దాని తలుపుకు అడ్డంగా నీళ్ల క్యాన్లు ఉన్నాయో లేదో ఆ రోజే తేలిపోతుంది.