బుజ్జిగాడికీ కంచం పెట్టాలట!

నాలుగేళ్ల పాప అన్నానికి కూర్చుంటూ తన పక్కన ఇంకో కంచం పెట్టమంటుంది. ఎవరికమ్మా అంటే "బుజ్జిగాడికి" అంటుంది. అక్కడ చూస్తే ఎవరూ ఉండరు. నాయనమ్మ గాలేదో సోకిందని దిష్టి తీస్తుంది, అమ్మ డాక్టరుకు చూపిద్దామంటుంది. ఇద్దరిదీ ఒకటే భయం: ఏది నిజమో, ఏది కాదో పిల్లకు తెలియడం లేదా?

తెలుసు. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో మార్జొరీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి పిల్లలతో ఏళ్ల తరబడి మాట్లాడారు. వాళ్ల నేస్తాల గురించి శ్రద్ధగా అడుగుతుంటే, పెద్దవాళ్లు నిజమని నమ్మేస్తున్నారేమోనని చాలామంది పిల్లలే మధ్యలో ఆగి, అది ఉత్తుత్తిదేనని చెప్పారు. 2004లో ఆమె బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్లు వచ్చేసరికి దాదాపు 65 శాతం పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి నేస్తం ఉన్నట్టు తేలింది. మాటలు నేర్పి వెంట తిప్పుకునే బొమ్మలూ ఆ లెక్కలోవే.

నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది, ఈ నేస్తాలు చెప్పిన మాట వినకపోవడం. పిలిస్తే రారు, అలుగుతారు, ఆటలో తొండి చేస్తారు. అంటే తన ఇష్టం ఒకటి, బుజ్జిగాడి ఇష్టం ఇంకొకటి అని పాప రెండు మనసులను ఒకేసారి నడుపుతోందన్నమాట. ఆ వయసులో అది చిన్న పని కాదు. చాక్లెట్ డబ్బా తెరిచి లోపలున్న పెన్సిళ్లు చూపించి, "బయటున్న అన్నయ్య ఇందులో ఏముందనుకుంటాడు?" అని అడిగితే మూడేళ్ల పిల్లలు ఎక్కువగా "పెన్సిళ్లు" అనేస్తారు. తనకు తెలిసింది అన్నయ్యకు తెలియదన్న ఊహ వాళ్లకింకా అందదు. టేలర్, స్టెఫనీ కార్ల్‌సన్ 1997లో ప్రచురించిన పరిశోధనలో, ఊహా నేస్తాలతో, ఊహల ఆటలతో గడిపే నాలుగేళ్ల పిల్లలు ఇలాంటి ప్రశ్నలకు మిగతావారికన్నా మెరుగ్గా జవాబిచ్చారు. నేస్తం వల్లే ఈ తెలివి వచ్చిందని దీన్నిబట్టి చెప్పలేం. నేస్తం లేని పిల్లల్లో లోపమేమీ లేదు.

ఇంట్లోవాళ్లు వెక్కిరించకుండా, అబద్ధమని తిట్టకుండా ఉంటే చాలు. అలాగని బుజ్జిగాడి కథను వాళ్లే అల్లడమూ వద్దు, ఆ పెత్తనం పాపదే. పాలు ఒలకబోసి "నేను కాదు, బుజ్జిగాడు" అంటే, "సరే, ఇద్దరూ కలిసి తుడవండి" అని గుడ్డ చేతికివ్వాలి.

గమనించాల్సినవీ కొన్ని ఉన్నాయి. ఆ నేస్తమంటే పాపే వణికిపోతున్నా, తననో ఇంకొకరినో కొట్టమని అది బలవంతపెడుతోందని, ఆపడం తన వల్ల కావడం లేదని చెబుతున్నా ఆటగా తీసేయకూడదు. తోటిపిల్లలతో కలవడం పూర్తిగా మానేసినా, తిండీ నిద్రా ఉన్నట్టుండి మారిపోయినా అంతే. అప్పుడు పిల్లల డాక్టరుకో, పిల్లల మానసిక నిపుణులకో చూపించాలి.