నేపథ్యం ఒక్కటే మారాలంటే ఆదేశం ఎలా ఉండాలి?

మాటలతో ఆదేశిస్తే ఫొటోలను సవరించే ఏఐ సాధనాలు చాలావరకు కోరిన భాగాన్ని మాత్రమే దిద్దవు. చిత్రమంతటినీ కొత్తగా రూపొందిస్తాయి. అందుకే ‘వెనుక గోడ తీసి తోట పెట్టు’ అంటే, చీర అంచులోని నెమళ్ల ఆకృతి కూడా మారిపోవచ్చు. ఆన్‌లైన్‌లో చేనేత చీరలు అమ్మేవారికి ఇది చిన్న పొరపాటు కాదు: కొనుగోలుదారు చూసింది ఒకటి, చేతికందేది మరొకటి అవుతుంది.

మారవలసినదాన్ని ఒక్క వాక్యంలో, మారకూడనివాటిని పేరుపేరునా చెప్పాలి. ఉదాహరణకు: ‘మహిళ వెనుక ఉన్న గోడ స్థానంలో లేత బూడిద రంగు తెర ఉంచు. ఆమె ముఖం, భంగిమ, చీర రంగు, అంచు డిజైన్, ఫ్రేములో ఆమె స్థానం, పరిమాణం, ఆమెపై పడే వెలుతురు యథాతథంగా ఉండాలి.’ వెలుతురు ప్రస్తావన కీలకం. ‘సాయంత్రపు తోట’ అని మాత్రమే కోరితే చీరకూ సంధ్య కాంతి అంటుకుని, అసలు రంగు మారిపోవచ్చు.

ఫలితాన్ని అసలు ఫొటో పక్కన పెట్టి, పెద్దది చేసి, చీర అంచు, వేళ్లు, జుట్టు చివరలు పోల్చాలి. తేడా కనిపిస్తే సవరించిన ఫొటోను మళ్లీ దిద్దించకూడదు; ఆదేశాన్ని మార్చి, అసలు ఫొటోతోనే తిరిగి మొదలుపెట్టాలి. లేకుంటే చిన్న చిన్న మార్పులు పేరుకుపోతాయి. సన్నని జరీ పని మాత్రం ఎంత వివరంగా చెప్పినా చెదరవచ్చు. అలాంటప్పుడు చీర కట్టిన రూపాన్ని అసలు ఫొటో నుంచే కత్తిరించి, కొత్త నేపథ్యంపై అతికించే పాత పద్ధతే నయం.