ముక్కలుగా వచ్చే రైతు సందేశాలు: ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు వెంటనే బదులివ్వాలి

పూర్వపు వరంగల్ జిల్లా నుండి ప్రధానంగా 2016 అక్టోబరులో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో రైతుకు, విస్తరణ శాస్త్రవేత్తకు మధ్య సంభాషణ ఇప్పుడు చాలావరకు వాట్సాప్‌లో సాగుతోంది. అయితే రైతు తన సమస్యను ఉత్తరం రాసినట్లు ఒకేసారి రాయడు. చేనులో నిలబడి ఒక మాట టైపు చేసి పంపుతాడు, తరువాత ఇంకొకటి పంపుతాడు, ఆపై ఫోటో తీస్తాడు. మొదటి ముక్కకే బదులివ్వాలా, లేక మిగతావి వచ్చేదాకా ఆగి అన్నింటినీ కలిపి చదవాలా అన్నది ఆ కొద్ది నిమిషాల్లోనే తేల్చుకోవలసిన విషయం. ఈ నిర్ణయం తప్పితే రైతు ఒక పిచికారీ ఖర్చును, దానితో పాటు పురుగును అదుపు చేయగల కొన్ని రోజులను కోల్పోతాడు.

మిరపలో ముడత: ఒక ఉదాహరణ

మహబూబాబాద్ ప్రాంతపు మిరప రైతు ఒకరు ఉదయం ఈ క్రమంలో సందేశాలు పంపారనుకుందాం.

7.12 – నమస్తే సార్
7.12 – మిర్చి ఆకు ముడుసుకుంటుంది
7.13 – ఏ మందు కొట్టాలె
7.16 – కిందికి ముడుసుకుంటుంది, కాడ పొడుగ్గ అయింది
7.18 – ఆకు ఫోటో
7.19 – (వాయిస్ సందేశం) వారం కింద ఫిప్రోనిల్ కొట్టిన, తగ్గలేదు

7.13కు ప్రశ్న పూర్తయినట్లే కనిపిస్తుంది. పంట ఏదో తెలిసింది, లక్షణం తెలిసింది, ఏమి అడుగుతున్నారో కూడా తెలిసింది. కానీ మిరపలో ‘ముడత’ అనే మాట ఒక్కటే మూడు వేర్వేరు సమస్యలను సూచించగలదు. తామర పురుగులు ఆశిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకొని ఆకు పడవ ఆకారంలోకి వస్తుంది. దీనినే పైముడత అంటారు. తెల్లనల్లి ఆశిస్తే ఆకు కిందికి ముడుచుకొని తిరగబడిన పడవలా కనిపిస్తుంది, ఆకు కాడలు సాగుతాయి. ఇది కింది ముడత. తెల్లదోమ ద్వారా వ్యాపించే ఆకుముడత వైరస్‌లో ఆకులు చిన్నవై మొక్క గిడసబారుతుంది. వైరస్‌ను నయం చేసే మందు లేదు. వ్యాధి సోకిన మొక్కలను తొలిదశలోనే పీకివేసి తెల్లదోమను అదుపు చేయడమే మార్గం.

7.13కే తామర పురుగుల మందు పేరు రాసి పంపితే, ఈ రైతు తనకు ఒకసారి పనిచేయని మందునే మళ్లీ కొనే అవకాశం ఉంది. ఫిప్రోనిల్ తామర పురుగులకు వాడే మందు. నల్లిని అదుపు చేయడానికి నీటిలో కరిగే గంధకం, ప్రొపర్‌గైట్ వంటి నల్లి మందులు వాడాలి. ఇక్కడ సమాధానాన్ని మార్చింది 7.16 నాటి ‘కిందికి’ అన్న ఒక్క మాట. 7.19 నాటి వాయిస్ సందేశం దానిని బలపరిచింది.

2021-22 నుండి తెలుగు రాష్ట్రాల మిరపలో పూలను ఆశించే కొత్త తామర పురుగు, త్రిప్స్ పార్విస్పైనస్, తీవ్రంగా కనిపించడంతో ఈ జాగ్రత్త మరింత అవసరమైంది. ‘పూత రాలుతుంది’ అన్న ఒక ముక్క ఆలస్యంగా వస్తే పరిశీలన ఆకు నుండి పూవులోకి మారాలి.

ఎంతసేపు ఆగాలి

ఆగే సమయాన్ని మొదటి సందేశం నుండి కాక, చివరిగా వచ్చిన ముక్క నుండి లెక్కించడం మేలు. ప్రతి కొత్త ముక్కతో లెక్క మళ్లీ మొదలవుతుంది. చివరి ముక్క తరువాత రెండు మూడు నిమిషాల నిశ్శబ్దం ఉంటే రైతు చెప్పదలచినది ముగిసిందని భావించవచ్చు. అయితే దీనికి పైహద్దు కూడా ఉండాలి. మొదటి ముక్క వచ్చి పది నిమిషాలు దాటితే అప్పటివరకు వచ్చినదాన్ని బట్టి బదులు రాయాలి, లేదా మిగిలిన విషయం అడగాలి.

అవతలివారు టైపు చేస్తున్నా, మాట రికార్డు చేస్తున్నా తెరపై కనిపిస్తుంది. కానీ ఫోటో వస్తున్న సంగతి ముందుగా తెలియదు. భూపాలపల్లి అటవీ ప్రాంత గ్రామాల్లో సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట, ముందు తీసిన ఫోటో కంటే తరువాత రాసిన మాటలే ముందు చేరవచ్చు. కాబట్టి ‘ఇది ఏం పురుగు సార్’ అని ఫోటో లేకుండా సందేశం వస్తే దానిని అసంపూర్తిగా భావించాలి. ‘ఇది’ అన్న మాటే వెనుక ఫోటో ఉందని చెబుతుంది.

ఆగుతున్నప్పుడు పూర్తి మౌనం మంచిది కాదు. బదులు రాదనుకున్న రైతు మందుల దుకాణానికి వెళ్తాడు. ‘చూస్తున్నాను, ఆకు వెనుక భాగం ఫోటో కూడా పంపండి’ అన్న ఒక్క వాక్యం రైతును నిలిపి ఉంచుతుంది, అవసరమైన ముక్కను కూడా రాబడుతుంది.

ఆగకూడని సందర్భాలు

తరువాత ఏ ముక్క వచ్చినా మారని సమాధానాన్ని వెంటనే చెప్పవచ్చు. జనగామ పత్తి చేలలో మందు కొట్టే రోజుల్లో ‘తల తిరుగుతుంది సార్’ అన్న ఒక్క ముక్క వస్తే మందు పేరు తెలిసేదాకా ఆగకూడదు. పిచికారీ ఆపాలి, తడిసిన బట్టలు తీసివేయాలి, ఒంటిని సబ్బుతో కడగాలి, 108కి ఫోన్ చేయాలి, మందు డబ్బాను లేబుల్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ మందు అయినా ఈ సూచనలు మారవు. ఇలాంటప్పుడు సందేశం పంపి ఊరుకోకుండా రైతుకు నేరుగా ఫోన్ చేయడం ఉత్తమం.

‘రెండు మందులు కలిపిన, కొట్టుమంటరా’ అన్నది కూడా ఇలాంటిదే. ఏ మందులో తెలియకముందే ‘ఆగండి, డబ్బాల ఫోటో పంపండి’ అని రాయవచ్చు. ఆపమనడం వల్ల కలిగే నష్టం స్వల్పం. ఒకసారి కొట్టిన మందును వెనక్కి తీసుకోలేము.

కలిపేటప్పుడు జరిగే పొరపాట్లు

గ్రూపులో ఇద్దరు రైతుల ముక్కలు ఒకదాని మధ్య ఒకటి రావచ్చు. ఒకరి పత్తి, మరొకరి ‘ముడత’ కలిసిపోతే లేని సమస్యకు సలహా వెళ్తుంది. అందుకే ముందుగా పంపినవారి నంబరును బట్టి ముక్కలను వేరు చేయాలి, ఆ తరువాతే వరుస కలపాలి. ఒకే రైతు రెండు పంటల గురించి అడగడం కూడా సాధారణమే. లక్షణం అకస్మాత్తుగా మారితే ‘ఇది కూడా మిర్చిలోనేనా’ అని అడగాలి.

కలిపి చదివిన తరువాత తాము అర్థం చేసుకున్నదానిని ఒక వాక్యంలో తిరిగి రాయడం అన్నింటికంటే నమ్మదగిన పరీక్ష: ‘మిర్చిలో ఆకులు కిందికి ముడుచుకుంటున్నాయి, వారం క్రితం ఫిప్రోనిల్ కొట్టారు, తగ్గలేదు. అంతేనా అండి?’ రైతు అవునంటే మందు, మోతాదు చెప్పాలి. కాదంటే తప్పు ఎక్కడుందో రైతే చూపిస్తాడు.

సమాధానం వెళ్లాక దానిని మార్చవలసిన ముక్క వస్తే, పాత సందేశానికే జవాబుగా జోడించి ‘పైన రాసిన మందు వద్దు’ అని ముందుగా రాసి, ఆపై కొత్త సలహా ఇవ్వాలి. గ్రూపులోని మొదటి సలహాను ఇతర రైతులు అప్పటికే వేరే గ్రూపులకు పంపి ఉండవచ్చు. తెగులు పేరు, పంట పేరు లేకుండా మందు పేరు మాత్రమే ఉన్న సందేశం అలా ప్రయాణించినప్పుడు ఎక్కువ హాని చేస్తుంది. అందువల్ల ప్రతి సమాధానంలో పంట, సమస్య, మందు, మోతాదు ఒకే సందేశంలో ఉండాలి. ప్రశ్న ముక్కలుగా వచ్చినా సమాధానం మాత్రం ముక్కలుగా వెళ్లకూడదు.