అఫెక్టా, ఎఫెక్టా? ఒక విద్యార్థి ఉత్తరం

ఇంగ్లీషులో అఫెక్ట్, ఎఫెక్ట్ అనే రెండు మాటలకు రాతలో తేడా మొదటి అక్షరమే. ఒకటి ఏతో మొదలవుతుంది, రెండోది ఈతో. వీటి గురించి ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకరు తన మాస్టారికి ఉత్తరం రాస్తే అది ఇంచుమించు ఇలా ఉంటుంది:

“మాస్టారు గారికి నమస్కరించి వ్రాయునది. పరీక్షలో ‘ద సైక్లోన్ ఎఫెక్టెడ్ ద క్రాప్స్’ అని రాశాను. మీరు మొదటి అక్షరం చుట్టూ సున్నా చుట్టి మార్కు తగ్గించారు. అఫెక్ట్ క్రియ, ఎఫెక్ట్ నామవాచకం అని గైడులో ఉంది కనుక తప్పు నాదే అనుకున్నాను. కానీ నిన్న ఇంగ్లీషు పేపర్లో ‘ద గవర్నమెంట్ ఎఫెక్టెడ్ మెనీ చేంజెస్’ అని చదివాను. అక్కడా అది క్రియే కదా. అది ఒప్పయితే నాది ఎందుకు తప్పు? రెంటికీ అసలు తేడా ఏమిటో తెలియజేయ ప్రార్థన.”

మంచి ప్రశ్న ఇది. గైడులోని సూత్రం చాలా చోట్ల పనికొస్తుంది, కానీ పేపర్లోని వాక్యం దానికి లొంగదు. పేపరువాళ్లూ తప్పు రాయలేదు. రెండూ ఎలా పొసగుతాయో తెలియాలంటే ఆ మాటల పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

రెండు మాటలూ లాటిన్ నుంచి వచ్చాయి. రెంటిలోనూ ఉన్న ధాతువు ఒకటే, ‘చేయు’ అని దాని అర్థం. ముందు చేరిన ఉపసర్గలే వేరు. అఫెక్ట్‌లో చేరింది ‘అడ్’, అంటే ‘వైపు’. ఎఫెక్ట్‌లో చేరింది ‘ఎక్స్’, అంటే ‘లోంచి బయటికి’. సత్, జనుడు కలిసినప్పుడు తకారం పక్కనున్న జకారంలో కలిసిపోయి సజ్జనుడు అయినట్టే, ఈ ఉపసర్గల చివరి ధ్వనులు ధాతువు మొదట ఉన్న ఎఫ్‌లో కలిసిపోయాయి. రెండు మాటల్లోనూ ఎఫ్ రెండుసార్లు రావడానికి కారణం ఈ సంధే. ఉపసర్గల ఆనవాలుగా చివరికి మిగిలినవి మొదటి అచ్చులు మాత్రమే.

అర్థభేదం కూడా ఆ ఉపసర్గల్లోనే ఉంది. ‘వైపు చేయడం’ అంటే అప్పటికే ఉన్న ఒకదాని మీద పనిచేసి దాన్ని ఎంతో కొంత మార్చడం. అది అఫెక్ట్. ‘బయటికి వచ్చేలా చేయడం’ అంటే లేనిదాన్ని కలిగించడం, జరిపించడం. అది క్రియగా వాడిన ఎఫెక్ట్. అలా బయటికి వచ్చిన ఫలితం పేరు నామవాచకంగా వాడే ఎఫెక్ట్.

ఇప్పుడు ఉత్తరంలోని రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. తుఫాను వచ్చేసరికి పంటలు చేలో ఉన్నాయి. తుఫాను వాటిని దెబ్బతీసింది. కాబట్టి అక్కడ రావలసింది అఫెక్టెడ్. ఎఫెక్టెడ్ అని రాస్తే తుఫానే పంటలను కలిగించిందనే అర్థం వస్తుంది. పేపర్లోని వాక్యంలో మార్పులు ముందే ఉన్నవి కావు, ప్రభుత్వం తీసుకొచ్చినవి. అందువల్ల అక్కడ ఎఫెక్టెడ్ సరైనది. దాన్ని అఫెక్టెడ్‌గా మారిస్తే, అప్పటికే జరుగుతున్న మార్పుల మీద ప్రభుత్వం ప్రభావం చూపిందని వేరే అర్థం వస్తుంది.

ఒకే వాక్యంలో రెండూ ఇమిడే చోట తేడా ఇంకా స్పష్టపడుతుంది. జీతాల కోసం కార్మికులు సమ్మె చేశారనుకోవాలి. ‘ద స్ట్రైక్ ఎఫెక్టెడ్ ద సెటిల్‌మెంట్’ అంటే సమ్మె వల్లే ఒప్పందం కుదిరింది. ‘ద స్ట్రైక్ అఫెక్టెడ్ ద సెటిల్‌మెంట్’ అంటే ఒప్పందం ఎలాగూ ఉంది, సమ్మె దాని మీద ప్రభావం చూపింది. రెండూ వ్యాకరణానికి సరిపోయేవే. ఏది రాయాలో తేల్చేది జరిగిన సంగతి.

తెలుగువారికి ఈ చిక్కు మరికొంత బిగుసుకోవడానికి మన వాడుకే కారణం. ‘తుఫాను ఎఫెక్ట్’ అంటాం, అది నామవాచకం. ‘పంటలు ఎఫెక్ట్ అయ్యాయి’ అని కూడా అంటాం. ఆ రెండో చోట ఇంగ్లీషులో కావలసింది అఫెక్ట్. తెలుగు వాక్యంలో ‘అయ్యాయి’ చేరగానే ఏ మాటైనా క్రియగా పనిచేస్తుంది కనుక, మనకు ఒక్క ఎఫెక్ట్‌తోనే రెండు పనులూ జరిగిపోతాయి. అదే అలవాటు ఇంగ్లీషు రాతలోకి జారుతుంది.

ఇంకొక పొరపాటు ‘మీద’ అనే మాట నుంచి వస్తుంది. ‘తుఫాను పంటల మీద ప్రభావం చూపింది’ అనే వాక్యం మనసులో ఉండడంతో ‘అఫెక్టెడ్ ఆన్ ద క్రాప్స్’ అని రాస్తారు. అఫెక్ట్ అనే క్రియకు ఆన్ అక్కరలేదు, కర్మ నేరుగా దాని వెంట వస్తుంది. నామవాచకమైన ఎఫెక్ట్‌కు మాత్రం ఆన్ కావాలి: ‘ద సైక్లోన్ హ్యాడ్ యాన్ ఎఫెక్ట్ ఆన్ ద క్రాప్స్’.

వినికిడి మీద ఆధారపడి వీటిని విడదీయడమూ కష్టమే. తెలుగులో ప్రతి అచ్చూ నిండుగా పలుకుతాం. ఇంగ్లీషులో ఈ రెండు క్రియల్లోనూ ఊనిక రెండో భాగం మీద పడుతుంది. మొదటి అచ్చు బలహీనపడి, వేగంగా మాట్లాడేటప్పుడు రెండూ ఒకేలా వినిపిస్తాయి. కంప్యూటర్లోని మామూలు స్పెల్‌చెక్ కూడా చాలాసార్లు ఈ తప్పును పట్టదు. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి అక్షరదోషంగా దానికి కనబడదు.

రాసేటప్పుడు చూసుకోవలసింది ఒక వరుసలో ఉంటుంది. మొదట, ఆ మాట ముందు ద, యాన్, ఎనీ వంటివి గానీ, బ్యాడ్, సైడ్ వంటి విశేషణం గానీ ఉందేమో చూడాలి. ఉంటే అది దాదాపు ఎప్పుడూ నామవాచకం, ఎఫెక్ట్ రాయాలి. ప్రభుత్వ ఉత్తర్వుల్లో కనిపించే ‘విత్ ఇమ్మీడియట్ ఎఫెక్ట్’ ఈ కోవలోదే. ముందు ఏమీ లేకపోయినా ‘టేక్ ఎఫెక్ట్’, ‘ఇన్ ఎఫెక్ట్’ వంటి పలుకుబడుల్లోనూ ఎఫెక్టే. ఆ మాట క్రియ అయితే, దాని స్థానంలో ‘బ్రింగ్ అబౌట్’ పెట్టి చదవాలి. అర్థం అతికితే ఎఫెక్ట్, అతకకపోతే అఫెక్ట్. క్రియగా ఎఫెక్ట్ చాలా అరుదు. మార్పు, ఒప్పందం, సంస్కరణ, బదిలీ వంటి జరిపించదగిన పనులే దానికి కర్మగా వస్తాయి. పంటలు, మనుషులు, ఆరోగ్యం, ధరలు వంటి ముందే ఉన్నవి కర్మ అయితే అఫెక్ట్ రాయాలి.

ఈ పరీక్షకు లోబడని వాడుకలు కొన్ని ఉన్నాయి. మనోవైద్యంలో అఫెక్ట్ నామవాచకం. రోగి ముఖంలో, గొంతులో బయటికి కనిపించే భావావేశాన్ని అలా అంటారు. అప్పుడు ఊనిక మొదటి భాగం మీదికి మారి, ‘యాఫెక్ట్’ అన్నట్టు వినిపిస్తుంది. లేని గొప్పదనాన్ని నటించడాన్ని కూడా అఫెక్ట్ అనే క్రియతో చెబుతారు. ‘పర్సనల్ ఎఫెక్ట్స్’ అంటే ఫలితాలు కావు, ఒక మనిషి సొంత వస్తువులు.

ఉత్తరం రాసిన విద్యార్థి ప్రశ్నకు చివరి జవాబు ఇది. పరీక్షలోని వాక్యం క్రియగా ఎఫెక్ట్ వాడినందుకు తప్పు కాలేదు, పంటలను తుఫాను కలిగించలేదు కనుక తప్పైంది. ‘ద సైక్లోన్ అఫెక్టెడ్ ద క్రాప్స్’ అని రాసి ఉంటే మార్కు తగ్గేది కాదు.